సవరణ, ఎమర్జెన్సీ ప్రశ్నలకు కారణాలతో జవాబు రాయడం ఎలా?

డిగ్రీ పిల్లల పేపర్లూ, గ్రూప్స్‌కి చదివేవాళ్ల నమూనా పరీక్షలూ దిద్దడం నాకు చాలా ఏళ్ల అలవాటు. "భారత రాజ్యాంగం దృఢమా, అదృఢమా? కారణాలతో చర్చించండి" అని పది మార్కుల ప్రశ్న ఇస్తే, కట్టలో సగం పేపర్లలో ఇలాంటి జవాబే ఉంటుంది: "368వ అధికరణ ప్రకారం మన రాజ్యాంగాన్ని మూడు పద్ధతుల్లో సవరిస్తారు. అవి సాధారణ మెజారిటీ, ప్రత్యేక మెజారిటీ, ప్రత్యేక మెజారిటీతో పాటు రాష్ట్రాల ఆమోదం. కాబట్టి మన రాజ్యాంగం కొంత దృఢం, కొంత అదృఢం."

దీనికి నేను మూడు మార్కులు వేస్తాను. మొదటి వాక్యంలోనే తప్పుంది, దాని సంగతి తర్వాత చూద్దాం. అసలు లోపం చివర్లో ఉంది. "కొంత ఇది, కొంత అది" అనడం గోడ మీద పిల్లి వాటం. ఏది కష్టంగా పెట్టారు, ఏది సులువుగా పెట్టారు, ఎందుకలా పెట్టారు అన్న మాట ఒక్కటీ లేదు. "కారణాలతో" అని అడిగినవాడికి అదే కావాలి.

దీనికి నేను తరగతిలో చెప్పే పద్ధతి ఇది. అధికరణల నంబర్లు మీకు ఇప్పటికే కాస్తో కూస్తో వచ్చు అనుకుని చెబుతున్నాను.

1. పెన్ను పట్టుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: మారేది ఎవరి సొత్తు?

సవరణ పద్ధతులన్నీ ఈ ఒక్క ప్రశ్నకు లొంగుతాయి. మారుతున్న అంశం ఎవరి అధికారాన్ని, ఎవరి హక్కును తాకుతుందో చూడండి. వాళ్ల ఒప్పుదల ఎంత గట్టిగా అవసరమో పద్ధతి అంత గట్టిగా ఉంటుంది.

రోజువారీ పాలనకు సంబంధించినదైతే పార్లమెంటు మామూలు చట్టం చేసినట్టే మార్చుకోవచ్చు. రాష్ట్రాల సరిహద్దులు, పేర్లు, పౌరసత్వపు నియమాలు, శాసన మండలి ఉండాలా వద్దా అన్నవి ఈ కోవలోవి. పౌరుల ప్రాథమిక హక్కుల లాంటివైతే ఆ రోజు సభలో అధికార పక్షానికి ఉన్న మామూలు ఆధిక్యం చాలదు, ప్రత్యేక మెజారిటీ కావాలి. ఇక కేంద్రానికీ రాష్ట్రాలకూ మధ్య ఉన్న పంపకాన్ని కదిలించాలంటే రెండో పక్షాన్ని కూడా అడగాలి. ఏడో షెడ్యూలులోని జాబితాలు, రాష్ట్రపతి ఎన్నిక విధానం, సుప్రీంకోర్టు, హైకోర్టులు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, చివరికి 368వ అధికరణ కూడా ఇందులోకే వస్తాయి. వీటిని పార్లమెంటు ఒక్కటే మార్చేస్తే అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టవుతుంది. అందుకే కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలన్నారు. ఇప్పుడున్న 28 రాష్ట్రాల్లో 14 ఒప్పుకుంటే చాలు.

ఇక మొదటి వాక్యంలోని తప్పు. 368 కింద వచ్చే పద్ధతులు మూడు కావు, రెండే. సాధారణ మెజారిటీతో చేసే మార్పులు 368 బయట ఉంటాయి. అవి 368 కింద సవరణలుగా లెక్కకు రావని 4వ అధికరణ లాంటివి విడిగా చెబుతాయి. "రాజ్యాంగంలో మార్పు చేసే దారులు మూడు, వాటిలో రెండు 368 కింద" అని రాస్తే మీకు పాఠం తెలుసని దిద్దేవాడికి అర్థమవుతుంది.

2. ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది, దాన్ని సరిగ్గా వాడండి

సాధారణ మెజారిటీకి ఉదాహరణ అడిగితే తెలంగాణ ఏర్పాటు కంటే మంచిది దొరకదు. కానీ చాలామంది "3వ అధికరణ ప్రకారం తెలంగాణ ఏర్పడింది" అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. అందులో ఉన్న కారణాన్ని బయటికి తీయాలి.

2013 డిసెంబరులో పునర్వ్యవస్థీకరణ బిల్లును రాష్ట్రపతి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ అభిప్రాయం కోసం పంపారు. 2014 జనవరిలో సభ దాన్ని తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో తీర్మానం చేసింది. అయినా ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ బిల్లును ఆమోదించాయి. మార్చి 1న రాష్ట్రపతి ఆమోదం పడింది, జూన్ 2న కొత్త రాష్ట్రం వచ్చింది. 3వ అధికరణ అడిగేది రాష్ట్ర శాసనసభ అభిప్రాయాన్నే, అంగీకారాన్ని కాదు. రాష్ట్రం వద్దన్నా విభజన ఆగలేదంటే అందుకే.

ఇంత సులువుగా ఎందుకు పెట్టారు? రాజ్యాంగం రాస్తున్న నాటికి దేశపటం ఇంకా కుదురుకోలేదు. సంస్థానాలు అప్పుడప్పుడే కలుస్తున్నాయి, భాషా రాష్ట్రాల డిమాండు గట్టిగా వినపడుతోంది. గీతలు మళ్లీ గీయాల్సి వస్తుందని అందరికీ తెలుసు. ప్రతి గీతకూ సంబంధిత రాష్ట్రం ఒప్పుకోవాలంటే, విడిపోవాలని అడిగే చిన్న ప్రాంతం గోడు ఎప్పటికీ తీరదు, ఎందుకంటే సభలో మెజారిటీ ఎప్పుడూ మిగతా ప్రాంతానిదే. ఈ రెండు వాక్యాలూ రాస్తే ఉదాహరణ కాస్తా కారణంగా మారుతుంది. అవతలి వాదన కూడా ఒక్క వాక్యంలో పెట్టండి: తన ఉనికినే మార్చే నిర్ణయంలో రాష్ట్రానికి వీటో లేకపోవడం సమాఖ్య స్ఫూర్తికి లోటు అనేవాళ్లూ ఉన్నారు.

ఇందులోనే మరో సూక్ష్మం ఉంది. ఉమ్మడి రాష్ట్రానికి ప్రత్యేకంగా వర్తించే 371డి అధికరణ రాజ్యాంగంలో ఉంది కాబట్టి, దాన్ని 368 కింద సవరించకుండా విభజన కుదరదని అప్పట్లో గట్టిగా వాదించారు. చివరికి పునర్వ్యవస్థీకరణ చట్టంలోనే 371డిని తెలంగాణకూ వర్తించేలా మార్చారు. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు అనుబంధంగా అవసరమైన మార్పులను అదే చట్టంలో చేసుకునే వీలు 4వ అధికరణ ఇస్తుంది. ఈ ఒక్క వివరం రాసిన పేపరు కట్టలో విడిగా కనపడుతుంది.

శాసన మండలి ఉదాహరణ వాడేటప్పుడు ఒక చోట జాగ్రత్త. మన మండలి 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్లీ రద్దు తీర్మానం చేసి, 2021 నవంబరులో వెనక్కి తీసుకుంది. 169వ అధికరణ కింద రాష్ట్ర శాసనసభ చేసే తీర్మానానికి ప్రత్యేక మెజారిటీ కావాలి, ఆ తర్వాత పార్లమెంటు చేసే చట్టానికి సాధారణ మెజారిటీ చాలు. ఈ రెంటినీ కలిపేసి పొరబడేవాళ్లు ఎక్కువ.

3. ప్రత్యేక మెజారిటీని లెక్క కట్టి చూపండి

"మూడింట రెండొంతుల మెజారిటీ" అని మాత్రమే రాస్తే సగం జవాబే. షరతులు రెండు. సభ మొత్తం సభ్యుల్లో సగం కంటే ఎక్కువ మంది అనుకూలంగా ఉండాలి. హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండొంతులకు తగ్గకుండానూ ఉండాలి. రెండు సభల్లోనూ విడివిడిగా రెండు షరతులూ తీరాలి.

లోక్‌సభకు 543 సీట్లు. కొన్ని ఖాళీగా ఉన్నా మొదటి షరతుకు లెక్క మొత్తం సీట్లదే, కాబట్టి ఎప్పుడైనా కనీసం 272 ఓట్లు కావాలి. ఒక రోజు 390 మందే ఓటేశారనుకోండి. మూడింట రెండొంతులంటే 260. కానీ 260 మంది మద్దతుతో బిల్లు గట్టెక్కదు, 272 రావాలి. మరో రోజు 450 మంది ఓటేశారు. అప్పుడు 272 చాలదు, 300 కావాలి. ఖాళీ సభలో గుట్టుగా సవరణ జరిగిపోకుండా మొదటి షరతు కాపలా కాస్తుంది. నిండు సభలో బొటాబొటి ఆధిక్యంతో జరగకుండా రెండోది కాస్తుంది. రెండు షరతులెందుకన్న ప్రశ్నకు కారణం ఇదే.

ఈ లెక్క కాగితం మీది ముచ్చట కాదని చూపడానికి 1970 నాటి సంఘటన ఉంది. మాజీ సంస్థానాధీశుల రాజభరణాలు రద్దు చేసే సవరణ బిల్లు ఆ సెప్టెంబరులో లోక్‌సభలో నెగ్గి రాజ్యసభకు వచ్చింది. అనుకూలంగా 149 మంది, వ్యతిరేకంగా 75 మంది ఓటేశారు. మొత్తం 224. అందులో మూడింట రెండొంతులంటే 149.33. మనిషిని మూడు ముక్కలు చేయలేం కాబట్టి 150 మంది కావాలి. బిల్లు పడిపోయింది. రాజభరణాలు చివరికి 1971లో 26వ సవరణతో పోయాయి.

ఇదే సంఘటనతో ఇంకో ప్రశ్నకూ జవాబు చెప్పొచ్చు. మామూలు బిల్లు విషయంలో సభలు విభేదిస్తే సంయుక్త సమావేశం పెడతారు, అక్కడ సంఖ్యాబలం లోక్‌సభదే. సవరణ బిల్లుకు ఆ దారి లేదు. ఉండి ఉంటే 1970లో ఆ బిల్లు బతికేది. దారి మూసేయడానికి కారణం, రాష్ట్రాల సభగా పెట్టుకున్న రాజ్యసభ మాటను లోక్‌సభ సంఖ్యాబలంతో తొక్కేయకుండా ఉండటం. రాష్ట్రపతికి కూడా సవరణ బిల్లును వెనక్కి పంపే అవకాశం లేదు. 1971లో 24వ సవరణ తర్వాత ఆయన ఆమోదం ఇచ్చి తీరాల్సిందే.

4. దృఢం, అదృఢం తేల్చేటప్పుడు సంఖ్యను చూసి మోసపోకండి

"మన రాజ్యాంగాన్ని వందసార్లకు పైగా సవరించారు కాబట్టి అదృఢం" అనే వాక్యం చూస్తే నా పెన్ను దానంతటదే ఎర్ర గీత గీస్తుంది. అలాగే "లిఖిత రాజ్యాంగం కాబట్టి దృఢం" అన్నది కూడా. దృఢమా కాదా అన్నది తేల్చేది పద్ధతి. మామూలు చట్టం చేసే దారిలోనే రాజ్యాంగాన్నీ మార్చగలిగితే అదృఢం. దానికి వేరే, కష్టమైన దారి ఉంటే దృఢం. సవరణలు ఎన్ని జరిగాయన్నది రాజకీయాల మీద ఆధారపడిన సంగతి. ఒకే పార్టీకి చాలా కాలం భారీ ఆధిక్యం ఉంటే దృఢమైన దారిలో కూడా బండ్లు జోరుగా పోతాయి.

అదృఢానికి బ్రిటన్ అని అందరూ రాస్తారు. దానికి ప్రాణం పోయాలంటే 2019 తీసుకోండి. ముందస్తు ఎన్నికలకు కామన్స్ సభ మొత్తం సీట్లలో మూడింట రెండొంతుల మద్దతు కావాలని 2011లో అక్కడ ఒక చట్టం చేశారు. 2019లో ప్రధాని బోరిస్ జాన్సన్‌కు ఆ మెజారిటీ దొరకలేదు, తీర్మానాలు వీగిపోయాయి. అప్పుడు ఏం చేశారు? ఫలానా రోజు ఎన్నికలు జరపాలని మామూలు మెజారిటీతో ఒక చిన్న చట్టం తెచ్చారు. డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. మూడింట రెండొంతుల గోడ కట్టింది మామూలు చట్టమే, కాబట్టి ఇంకో మామూలు చట్టంతో పక్కనుంచి దాటేశారు. 2022లో అసలు చట్టాన్నే రద్దు చేశారు. పార్లమెంటు తన చేతులు తానే కట్టేసుకోలేకపోవడమే అక్కడ అదృఢత్వం.

అటు అమెరికాలో, కాంగ్రెస్ రెండు సభల్లో మూడింట రెండొంతులు, ఆపైన నాలుగింట మూడొంతుల రాష్ట్రాలు, అంటే 50లో 38 ఒప్పుకోవాలి. ఇప్పటికి 27 సవరణలే జరిగాయి. వాటిలో చివరిది 1789లో ప్రతిపాదించినది, 1992లో గానీ పూర్తికాలేదు. స్త్రీ పురుష సమాన హక్కుల సవరణ 1972లో కాంగ్రెస్ దాటింది, గడువులోగా మాత్రం 38 రాష్ట్రాలు కూడలేదు. అక్కడ దృఢంగా పెట్టడానికి కారణం, ఆ దేశం ముందే ఉన్న రాష్ట్రాలు కలిసి చేసుకున్న ఒప్పందం. ఇచ్చిన మాట మార్చాలంటే ఇచ్చినవాళ్లలో అత్యధికులు రావాలి.

మన దగ్గర రాష్ట్రాలు కేంద్రాన్ని పుట్టించలేదు. పైగా భూసంస్కరణల లాంటి పెద్ద సామాజిక మార్పు తేవాల్సి ఉంది. రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాదిన్నర తిరక్కుండానే 1951లో మొదటి సవరణ చేయాల్సి వచ్చిందంటే ఆ అవసరం ఎంతటిదో తెలుస్తుంది. అందుకే మనవాళ్లు తాళం అన్ని గదులకూ ఒకేలా వేయలేదు. ఇప్పుడు మీరు తీర్పు చెప్పొచ్చు: "రాష్ట్రాల సరిహద్దుల విషయంలో అదృఢం, హక్కుల విషయంలో దృఢం, కేంద్ర రాష్ట్ర పంపకంలో ఇంకా దృఢం, మౌలిక స్వరూపం విషయంలో పార్లమెంటు చేతికి అందనిది." ఇది గోడ మీద పిల్లి కాదు, ఎక్కడ ఏమిటో చెప్పిన మాట.

ఆ చివరి ముక్కకు ఆధారం 1973 ఏప్రిల్ 24 నాటి కేశవానంద భారతి తీర్పు. 13 మంది న్యాయమూర్తుల్లో 7–6 తేడాతో, సవరించే అధికారం ఉంది గానీ మౌలిక స్వరూపాన్ని చెరిపేసే అధికారం లేదని తేల్చారు. దీని పదును చూపడానికి జడ్జీల నియామకాల కమిషన్ కోసం చేసిన 99వ సవరణను వాడండి. పార్లమెంటు ప్రత్యేక మెజారిటీ వచ్చింది, సగానికి పైగా రాష్ట్రాలూ ఒప్పుకున్నాయి, అంటే పద్ధతి నూటికి నూరుపాళ్లు సరిగ్గా ఉంది. అయినా 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు 4–1తో కొట్టేసింది, న్యాయవ్యవస్థ స్వతంత్రత మౌలిక స్వరూపంలో భాగమని. పద్ధతి పాటిస్తే చాలదు, హద్దూ దాటకూడదు.

5. ఎమర్జెన్సీని తాత్కాలిక సవరణగా చూడండి

ఇక్కడే రెండు పాఠాలూ కలుస్తాయి, పుస్తకాల్లో అవి దూరదూరంగా ఉంటాయి గానీ. 352 కింద జాతీయ అత్యవసర పరిస్థితి విధిస్తే ఏమవుతుంది? రాష్ట్ర జాబితా మీద పార్లమెంటు చట్టం చేయొచ్చు, కేంద్రం రాష్ట్రాలకు ఏ విషయంలోనైనా ఆదేశాలివ్వొచ్చు, హక్కుల మీద ఆంక్షలు రావచ్చు. ఒక్క అక్షరం మార్చకుండానే రాజ్యాంగం కొంతకాలం వేరే రాజ్యాంగంలా పనిచేస్తుంది. మరి అసలు సవరణకు ప్రత్యేక మెజారిటీ అడిగి, ఇంత మార్పుకు మామూలు మెజారిటీ చాలనడం సబబా? 1978 దాకా అలాగే ఉండేది. 44వ సవరణ దాన్ని సరిదిద్దింది. ఇప్పుడు ఎమర్జెన్సీ ప్రకటనను ఉభయసభలూ 368లో ఉన్న అదే ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి.

44వ సవరణలోని మార్పులను బట్టీ పట్టకండి. ప్రతిదాని వెనుక 1975–77లో జరిగిన ఒక సంగతి ఉంది, ఆ జత గుర్తుంచుకుంటే చాలు. 1975 జూన్ 25 రాత్రి ప్రధాని సలహా మీద రాష్ట్రపతి సంతకం చేశారు, మంత్రివర్గం కూర్చున్నది మర్నాడు ఉదయం. అందుకే ఇప్పుడు కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా చేరితే గానీ రాష్ట్రపతి ప్రకటన చేయకూడదు. అప్పటి ప్రకటనకు ఆధారం "అంతర్గత కల్లోలం". సమ్మెలూ ఊరేగింపులూ కూడా ఇమిడిపోయేంత వదులు మాట అది. దాన్ని తీసేసి "సాయుధ తిరుగుబాటు" అని పెట్టారు. ఆమోదానికి గడువు రెండు నెలల నుంచి ఒక నెలకు తగ్గింది. ఒకసారి ఆమోదిస్తే ఎంతకాలమైనా సాగేది, ఇప్పుడు ఆరు నెలలకోసారి పార్లమెంటు మళ్లీ ఆమోదించాలి.

హక్కుల సంగతి మరీ ముఖ్యం. 1976 ఏప్రిల్‌లో జబల్‌పూర్ ఏడీఎం కేసులో సుప్రీంకోర్టు 4–1తో, ఎమర్జెన్సీలో అక్రమ నిర్బంధాన్ని కూడా కోర్టులో ప్రశ్నించే దారి లేదని చెప్పింది. ఒప్పుకోని ఒక్కరు జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా. దానికి బదులుగా 44వ సవరణ, 20, 21 అధికరణల అమలును ఎమర్జెన్సీలో కూడా నిలిపేయకూడదని రాసింది. 358, 359ల మధ్య తేడా అడిగినా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి. 358 కింద 19వ అధికరణ దానంతటదే పక్కకు జరుగుతుంది, అయితే యుద్ధం, విదేశీ దురాక్రమణ కారణంగా ప్రకటించినప్పుడు మాత్రమే. సాయుధ తిరుగుబాటుకు ఇది వర్తించదు. 359 కింద ఏదీ దానంతటది జరగదు, ఏ హక్కుల అమలు కోసం కోర్టుకు వెళ్లకూడదో రాష్ట్రపతి ఉత్తర్వు చెప్పాలి, అందులో 20, 21 ఉండకూడదు.

రాష్ట్రపతి పాలనను మాత్రం ఇదే మూసలో పోయకండి. 356 కింద ప్రకటనకు రెండు నెలల్లో సాధారణ మెజారిటీతో ఆమోదం చాలు. ఒక్కో ఆమోదంతో ఆరు నెలలు, మొత్తం మీద మూడేళ్లు మించదు. ఏడాది దాటాలంటే దేశంలో గానీ, ఆ రాష్ట్రంలో గానీ జాతీయ ఎమర్జెన్సీ అమల్లో ఉండాలి, ఎన్నికలు జరపడం కష్టమని ఎన్నికల సంఘం ధ్రువీకరించాలి. ఇది తాకేది దేశమంతటినీ కాదు, ఒక్క రాష్ట్ర ప్రభుత్వాన్ని. పౌరుల ప్రాథమిక హక్కులు దీనివల్ల ఆగిపోవు. తక్కువ మెజారిటీకి సమర్థన అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది రెండుసార్లు వచ్చింది. 1973లో జై ఆంధ్ర ఉద్యమం నడుమ పి.వి. నరసింహారావు ప్రభుత్వం తప్పుకున్నాక ఆ ఏడాది డిసెంబరు దాకా సాగింది. 2014 మార్చిలో, విభజన బిల్లు లోక్‌సభలో నెగ్గాక ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డి రాజీనామాతో మళ్లీ వచ్చింది. రెండుసార్లూ కారణం రాష్ట్రం రూపు గురించిన గొడవే.

అయితే ఆ సమర్థనతో ఆగిపోకండి. ఇది అమలుకు రాని అక్షరంగా మిగిలిపోవాలని అంబేడ్కర్ ఆశపడ్డారు, కానీ వందసార్లకు పైగా వాడేశారు. తాళం వదులుగా ఉంటే తలుపు తరచూ తెరుచుకుంటుందనడానికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? పార్లమెంటు వేయని తాళం కొంతవరకు కోర్టు వేసింది. 1994 నాటి బొమ్మై తీర్పు ప్రకారం ప్రభుత్వానికి బలం ఉందో లేదో తేలాల్సింది సభలో, రాజ్‌భవన్‌లో కాదు. ప్రకటనను కోర్టు పరిశీలించవచ్చు, పార్లమెంటు ఆమోదించే దాకా శాసనసభను రద్దు చేయకూడదు. 360 కింద ఆర్థిక అత్యవసర పరిస్థితి ఇప్పటిదాకా ఒక్కసారీ రాలేదు, దానికి రెండు వాక్యాలు మించి కేటాయించకండి.

6. ఒక జవాబు మొత్తం రాసి చూద్దాం

ప్రశ్న: "జాతీయ అత్యవసర పరిస్థితిని విధించడం కష్టంగా, తొలగించడం సులువుగా ఉంచారు. కారణాలతో వివరించండి." పది మార్కులు.

నేనైతే ఇలా రాస్తాను:

"జాతీయ అత్యవసర పరిస్థితి రాజ్యాంగంలోని అధికార పంపకాన్ని, హక్కులను తాత్కాలికంగా మారుస్తుంది. కాబట్టి దాన్ని విధించడానికి రాజ్యాంగ సవరణకు ఉన్నంత కష్టం ఉండాలన్నది 44వ సవరణ (1978) ఉద్దేశం. కేబినెట్ రాతపూర్వక సలహా కావాలి, ఎందుకంటే 1975లో ప్రధాని ఒక్కరి సలహాతోనే ప్రకటన వెలువడింది. ఒక నెలలోగా ఉభయసభలూ ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి, ఎందుకంటే అధికార పక్షం తన మామూలు ఆధిక్యంతోనే హక్కులను పక్కన పెట్టగలగడం ప్రమాదకరమని తేలింది. ఆరు నెలలకోసారి ఈ ఆమోదం మళ్లీ పొందాలి, కాబట్టి కొనసాగించాలనుకునేవారే ప్రతిసారీ బలం చూపాలి.

తొలగించడానికి లోక్‌సభ ఒక్కటి సాధారణ మెజారిటీతో వ్యతిరేక తీర్మానం చేస్తే చాలు, రాష్ట్రపతి ఎత్తేయాల్సిందే. మామూలు స్థితికి తిరిగి రావడం రాజ్యాంగాన్ని మార్చడం కాదు, దాన్ని దాని స్థానంలో నిలపడం, అందుకే ప్రత్యేక మెజారిటీ అడగలేదు. సభ సమావేశం కాకపోతే దారి మూసుకుపోకుండా, పదో వంతు సభ్యులు నోటీసిస్తే 14 రోజుల్లో ప్రత్యేక సమావేశం పెట్టాలి. అయితే ఈ రక్షణలన్నీ సభలో స్వతంత్రంగా ఓటేసే సభ్యుల మీద ఆధారపడ్డాయి. ఒకే పార్టీకి రెండు సభల్లోనూ మూడింట రెండొంతులు ఉంటే విధించడం కూడా కష్టం కాదు."

ఇందులో తేదీలు తక్కువ, అధికరణ నంబరు ఒక్కటి కూడా లేదు. నంబర్లు చేర్చితే ఇంకా మంచిదే, కానీ మార్కులు తెచ్చేవి అవి కావు. నియమం చెప్పిన ప్రతి చోటా దాని వెంటే "ఎందుకంటే", "కాబట్టి", "అందుకే" లాంటి మాటో, నియమం లేకపోతే ఏం జరిగేదన్న ఊహో ఉంది చూడండి. చివరి రెండు వాక్యాలు నియమాల పరిమితి చెబుతాయి. "చర్చించండి", "పరిశీలించండి" అని అడిగిన ప్రశ్నల్లో ఆ పరిమితి లేకపోతే పై రెండు మార్కులు చేతికి రావు.

ఇంట్లో సాధన చేసేటప్పుడు మీరు రాసిన జవాబు తీసుకుని, నియమాలు చెప్పిన వాక్యాల కింద ఒక గీత, కారణాలు చెప్పిన వాక్యాల కింద రెండు గీతలు గీయండి. పేజీ నిండా ఒంటి గీతలే కనపడితే, ప్రతి ఒంటి గీత పక్కనా మార్జిన్‌లో "లేకపోతే?" అని రాసి, దానికి జవాబు చెప్పి, మళ్లీ రాయండి. మా విద్యార్థిని ఒకామె మొదటిసారి ఇలా చేసినప్పుడు పద్నాలుగు ఒంటి గీతలకు రెండే జంట గీతలు వచ్చాయి. మూడోసారి రాసేసరికి జవాబు పొడవు తగ్గి, జంట గీతలు ఏడయ్యాయి.